చెమటను ఆపేది వేరు, వాసనను ఆపేది వేరు

1912 వేసవిలో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన ఒక ప్రదర్శనలో ఎడ్నా మర్ఫీ అనే యువతి ‘ఒడొరోనో’ అనే ద్రవాన్ని అమ్మకానికి పెట్టింది. ఆపరేషన్లు చేసేటప్పుడు చేతులకు చెమట పట్టకుండా వైద్యుడైన ఆమె తండ్రి తయారుచేసుకున్న మందు అది. చంకల్లో రాసుకున్న ఆడవాళ్లకు చెమట నిజంగానే తగ్గింది. కానీ చర్మం మండేది, బట్టలు పాడయ్యేవి. అందులోని అల్యూమినియం క్లోరైడ్‌ను ఆమ్లంలో కలిపి అమ్మడమే దానికి కారణం.

నేటి యాంటీపెర్స్పిరెంట్లు చేసే పని కూడా అదే. కాకపోతే వాటిలో ఎక్కువగా వాడేది చర్మానికి కాస్త నెమ్మదైన అల్యూమినియం క్లోరోహైడ్రేట్. మన దుకాణాల్లో వీటినీ, మామూలు సెంటు స్ప్రేలనూ కలిపి ‘డియో’ అనేస్తారు. తికమక అక్కడే మొదలవుతుంది.

చంకలో కారే చెమటకు మొదట్లో వాసన దాదాపు ఉండదు. అక్కడి గ్రంథుల నుంచి వచ్చే కొవ్వు, ప్రొటీన్ పదార్థాలను చర్మం మీది బాక్టీరియా విరగ్గొట్టినప్పుడే కంపు పుడుతుంది. డియోడరెంట్ ఆ బాక్టీరియాను తగ్గిస్తుంది, మిగిలిన వాసనను సుగంధంతో కప్పుతుంది. చెమట మాత్రం ఎప్పటిలాగే కారుతుంది. చొక్కా తడవడం బాధగా ఉన్నవాళ్లు ఎంత ఖరీదైన డియోడరెంట్ కొన్నా ప్రయోజనం ఉండదు.

చెమటను తగ్గించేవి అల్యూమినియం లవణాలు. అవి చెమటలో కరిగి, అక్కడి ప్రొటీన్లతో కలిసి జిగురులా గడ్డకట్టి, స్వేదనాళం పైకొసలో చిన్న బిరడాలా కూర్చుంటాయి. గ్రంథికి ఏమీ కాదు. పైచర్మం రాలిపోతుంటే బిరడా కూడా పోతుంది. అందుకే మళ్లీ రాయాల్సి వస్తుంది. స్నానం చేసి, హడావిడిగా తడిచంకలో రాసుకుని బయల్దేరితే మందు నాళంలోకి దిగకముందే చెమట దాన్ని కడిగేస్తుంది. రాత్రి పడుకునే ముందు, చంక పూర్తిగా ఆరాక పల్చగా రాస్తే పని బాగా చేస్తుంది, ఎందుకంటే నిద్రలో చెమట తక్కువ. పొద్దున కడిగేసినా బిరడాలు ఉంటాయి. చంకలను కాస్త అదుపు చేసినంత మాత్రాన ఒంటి వేడి పెరిగిపోదు, మిగతా ఒళ్లంతా చెమట పోస్తూనే ఉంటుంది.

ఇక సున్నితమైన చర్మం సంగతి. విజయవాడలో స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లే ఒకామెను ఊహించుకుందాం. ఏప్రిల్‌లో కొత్త స్ప్రే మొదలుపెట్టిన రెండు వారాలకు చంక గుంటలో ఎర్రటి దురద మొదలైంది. ‘అల్యూమినియం పడలేదు’ అనుకుని సీసా తిప్పి చూస్తే దానిలో అల్యూమినియమే లేదు. ఉన్నవి ఆల్కహాల్, సుగంధం. ఇలాంటి చోట మొదట అనుమానించాల్సింది సుగంధాన్నే, చంకలో అలర్జీకి తరచూ కారణం అదే. రాసిన వెంటనే మండితే, అందులోనూ గీసుకున్న రోజే మండితే, ఆల్కహాల్ రాపిడి పుండ్లను తాకిందనుకోవాలి. గుంటను వదిలేసి చుట్టూ అంచుల్లో దద్దురు వస్తే బట్టల రంగు మీద, కుట్టు మీద కన్నేయాలి.

ఆమె చేయాల్సింది అన్నిటినీ ఆపేసి, చర్మం మామూలయ్యేదాకా నీళ్లు, నెమ్మదైన సబ్బు మాత్రమే వాడటం. తర్వాత సుగంధం, ఆల్కహాల్ లేని రోల్-ఆన్ ఒకటి ఎంచుకుని, నేరుగా చంకలో కాకుండా మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, ఒక వారం రాసి చూడాలి. ఏమీ కాకపోతే చంకకు మార్చుకోవచ్చు. గీసుకున్న రోజు మాత్రం వద్దు.

‘సహజమైనవి’ అని అమ్మేవాటిలో వంటసోడా ఉంటే జాగ్రత్త, అది క్షారం కాబట్టి చర్మాన్ని రేపుతుంది. మంగలి దుకాణంలో వాడే పటిక కూడా అల్యూమినియం లవణమే. అల్యూమినియం వద్దనుకుని పటికరాయి కొనడంలో అర్థం లేదు.

రొమ్ము క్యాన్సర్ భయం చాలామందిని వెనక్కి లాగుతుంది. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఆ సంబంధాన్ని రుజువు చేయలేదు. చర్మం గుండా లోపలికి పోయే అల్యూమినియం చాలా స్వల్పం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరును అడగాలి, ఎందుకంటే ఆ కాస్తను బయటికి పంపాల్సింది వాళ్ల మూత్రపిండాలే. రెండు వారాలైనా దురద తగ్గకపోయినా, చీము పట్టినా, గడ్డలు తగిలినా సీసాలు మార్చుకుంటూ కూర్చోకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.