కూర్చున్న కంటికి అందే అర

విజయవాడలో మా వీధి చివర ఒక బ్యూటీ పార్లర్ ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవు ఉన్న ఒకే గది. తలుపు తీయగానే కుడివైపు సోఫా, ఎడమవైపు బిల్లు కౌంటరు, లోపల అద్దాల ముందు రెండు కుర్చీలు, చివర తల కడిగే బేసిన్. కౌంటరు వెనక గోడకి తాళం వేసిన అద్దాల బీరువా ఉండేది. అందులో అరవై రకాల సీసాలు, డబ్బాలు, ట్యూబులు వెనకా ముందూ కిక్కిరిసి ఉండేవి. అవి నెలల తరబడి కదలవు. సరుకు బాగాలేదేమోనని పార్లర్ నడిపే అక్క బ్రాండ్లు మార్చి చూసింది. ఆ కొత్తవీ అలాగే మిగిలిపోయాయి.

ఒకప్పుడు కిరాణా కొట్లన్నీ ఆ బీరువాలాంటివే. కౌంటరు అవతల నిలబడ్డ మనిషిని అడగాలి, ఆయన తీసివ్వాలి. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ అనే కొట్టు పెట్టి, కొనేవాళ్లే అరల మధ్య తిరుగుతూ కావలసింది చేత్తో తీసుకునే పద్ధతి తెచ్చాడు. ఇవాళ మన ఊళ్లో సూపర్ మార్కెట్లన్నీ ఆ దారివే. చాలా పార్లర్లలో మాత్రం సరుకు ఇంకా తాళం వెనకే ఉంటోంది. అక్కడ ధర అడగడానికే మొహమాటం. అడిగితే కొనాల్సొస్తుందేమో అనుకుని చాలామంది నోరు మెదపరు.

అయితే తాళం తీసి బీరువా తలుపులు తెరిచినంత మాత్రాన సరిపోదు. సూపర్ మార్కెట్‌లో మనిషి నిలబడి నడుస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. పార్లర్‌లో గంట గడిపితే ముప్పావుగంట కూర్చునే ఉంటుంది. అయిదడుగుల మనిషి నిలబడితే కన్ను నేలకి దాదాపు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. సోఫాలో కూర్చుంటే అది మూడున్నర అడుగులకి దిగుతుంది. సోఫాకి ఎదురుగా ఆరడుగుల ఎత్తున అర కొట్టి ఖరీదైన సీరమ్‌లు పేర్చితే, కూర్చున్న మనిషికి అర అడుగుచెక్క తప్ప ఏమీ కనిపించదు.

కుర్చీలో పరిస్థితి ఇంకా వేరు. ఒక రోజు నేనే కూర్చుని గమనించాను. జుట్టు కత్తిరించేముందు కళ్లజోడు తీయించారు. మెడ చుట్టూ గుడ్డ కట్టారు, చేతులు దాని కిందకి పోయాయి. వెనక గోడ మీది అరలు అద్దంలో కనిపిస్తున్నాయి గానీ అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. రంగులు తెలుస్తున్నాయి, పేరు చదవలేను. బేసిన్ దగ్గర తల వెనక్కి వాల్చాక కనిపించేది సీలింగు ఒక్కటే. ఆ గోడకి ఎన్ని సీసాలు పెట్టినా దండగే. పైగా అక్కడి తడికి లేబుళ్ల అంచులు లేచిపోతాయి.

కాబట్టి కన్నూ చెయ్యీ రెండూ ఖాళీగా ఉండే చోట్లు ఆ గదిలో రెండే. ఒకటి, తన వంతు కోసం ఎదురుచూసే సోఫా. రెండోది, పని అయ్యాక కళ్లజోడు పెట్టుకుని, పర్సు తెరిచి, బిల్లు కోసం నిలబడే ఆ రెండు మూడు నిమిషాలు.

అక్క బీరువా తీయించేసింది. కుర్చీల నుంచి కౌంటరుకి వచ్చే దారిలో మూడడుగుల వెడల్పున తెరిచిన ర్యాక్ ఒకటి పెట్టించింది. దాని మీద ముఖ్యమైన సరుకంతా మూడున్నర నుంచి అయిదడుగుల ఎత్తు మధ్యే ఉంటుంది. కింది అరల్లో పెద్ద సీసాలు, పైన ఖాళీ. సోఫా పక్కన, చెయ్యి చాపితే అందేలా, నడుమెత్తు చిన్న ర్యాక్ ఇంకొకటి. అరవై రకాల్లోంచి పద్దెనిమిదే ఉంచింది. నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే. ఒక్కో రకం మూడేసి సీసాలు పక్కపక్కన, పేరు ముందుకి తిప్పి, అర అంచు దాకా లాగి పెడితే దూరం నుంచే ఒక రంగు పట్టీలా కంటికి తగులుతుంది. ఒక్కొక్కటే పెట్టిన అరవై సీసాల్లో కన్ను దేని మీదా ఆగదు.

బ్రాండు వారీగా పేర్చడం కూడా మానేసింది. కంపెనీ పేరు అమ్మేవాళ్లకి గుర్తుంటుంది, వచ్చేవాళ్లకి గుర్తుండేది తమ జుట్టు బాధ. అందుకే అర అంచుకి తెలుగులో చేత్తో రాసిన అట్టముక్కలు అతికించింది. ఒక దాని మీద, ‘రంగు వేయించుకున్న జుట్టుకి. వారానికి రెండుసార్లు. 200 మి.లీ.’ దాని కిందే ధర, పెద్ద అంకెల్లో. ధర కనిపిస్తే అడగాల్సిన పని ఉండదు. ప్యాకెట్ మీద అచ్చేసిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి అట్టముక్క మీద అంతకి మించి రాయకూడదు, బిల్లులోనూ పైన వేయకూడదు.

ప్రతి అరలో ఒక సీసా మూత తీసి, ‘వాసన చూడండి’ అని రాసి పెట్టింది. సీరమ్‌కి పంపు ఉన్న సీసా, పక్కన టిష్యూలు. క్రీములో ఎవరి వేలూ ముంచనివ్వదు, చిన్న చెంచాతో తీసి ముంజేతికి రాస్తారు. లిప్‌స్టిక్కయినా అంతే, చేతి వెనక గీసి చూపించాల్సిందే గానీ పెదవికి ఆనించకూడదు.

కుర్చీ ముందు అద్దం కింద చెక్క మీద రెండే సీసాలు ఉంటాయి. ఆ రోజు ఆ మనిషి తలకి వాడినవి మాత్రమే. గుడ్డ విప్పి కళ్లజోడు ఇచ్చాక, “ఇందాక మీకు రాసింది ఇదేనండీ,” అని సీసా చేతికిస్తారు. అంతకు మించి ఒత్తిడి చేయొద్దని అక్క పిల్లలకి గట్టిగా చెప్పింది. తలదువ్వించుకోవడానికి వచ్చినప్పుడల్లా అమ్మకం మొదలుపెడితే మనిషే రావడం మానేస్తుంది.

మొదటి నెలలోనే ఒక తప్పు జరిగింది. వీధిలోంచి కనిపించాలని కిటికీలో ఒక వరస సీసాలు పెట్టారు. అది పడమటి కిటికీ, మే నెల ఎండ. మూడు వారాల్లో లేబుళ్లు వెలిసిపోయాయి, విటమిన్ సి సీరమ్ గోధుమరంగుకి తిరిగింది. అలా రంగు మారిందంటే మందు చచ్చిపోయినట్టే, అమ్మకూడదు. ఇప్పుడు కిటికీలో ఖాళీ పెట్టెలే ఉంటాయి. హెయిర్ స్ప్రే డబ్బాలకైతే ఎండ ప్రమాదం కూడా. 50 డిగ్రీలు దాటే వేడిలో ఉంచొద్దని వాటి మీదే రాసి ఉంటుంది.

రెండో శత్రువు జుట్టు. డ్రయ్యర్ గాలికి కత్తిరించిన వెంట్రుకల నుసి లేచి అరల మీద వాలుతుంది. సీసా మీద ఒక్క వెంట్రుక కనిపించినా ఎవరూ ముట్టుకోరు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడిగుడ్డతో తుడవాలి. తుడిచేటప్పుడే గడువు తేదీ చూసి, ముందు అయిపోయేది ముందుకి జరపాలి.

సర్దింది పనిచేస్తోందా అనేది అమ్మకం ఒక్కదానితోనే తేలదు. అక్క కౌంటరు మీద ఒక నోటుబుక్కు పెట్టింది. ఎవరైనా సీసా చేతిలోకి తీసుకుంటే ఒక గీత, కొంటే గీత చుట్టూ సున్నా. వారం తిరిగేసరికి పుస్తకమే మాట్లాడింది. అసలు గీతలే లేని సరుకు ఉన్న చోటు తప్పు, దాన్ని జరపాలి. గీతలు నిండుగా ఉండి సున్నాలు లేకపోతే చోటు బాగానే ఉంది, ధరో పరిమాణమో అడ్డం పడుతోంది. రంగు జుట్టు షాంపూకి సరిగ్గా అదే జరిగింది. తీసుకుంటున్నారు, ధర చూసి పెట్టేస్తున్నారు. పెద్ద సీసా పక్కనే అదే కంపెనీ చిన్న సీసా పెట్టింది.

“మొదటిసారి చిన్నదే పట్టుకెళ్తున్నారమ్మా, రెండోసారి పెద్దది అడుగుతున్నారు,” అంది మొన్న నేను వెళ్లినప్పుడు, అర అంచుకి సీసాలు లాగుతూ. వరసలో చివరి సీసా చోటు ఖాళీగా వదిలేసింది. ఎందుకని అడిగితే, బొమ్మల కొలువులా నిండుగా పేర్చితే చెదిరిపోతుందని ఎవరూ చెయ్యి పెట్టరని చెప్పింది. ఆ ఖాళీ పక్కనున్న సీసానే సోఫాలోంచి లేచిన అమ్మాయి చేతిలోకి తీసుకుంది. అక్క తల తిప్పకుండానే పుస్తకంలో ఒక గీత గీసింది.