చుక్కల మధ్య దూరం చెప్పే లోహం గుట్టు

కారు ఇంజన్లలో పిస్టన్లను తరచుగా అల్యూమినియం, సిలికాన్ కలిసిన మిశ్రమ లోహంతో పోతపోస్తారు. ఆ లోహంలోంచి ఎలక్ట్రాన్లు దూరిపోయేంత పలుచటి రేకు తయారుచేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెడితే అల్యూమినియం నేల మీద చిన్న చిన్న రేణువులు కనిపిస్తాయి. చూస్తున్న చోటు అల్యూమినియమా, సిలికానా? ఇది తేల్చడానికి ఒక్క స్ఫటికం మీదనే ఎలక్ట్రాన్ కిరణాన్ని పడనిచ్చి, అవతల తెర మీద ఏర్పడే చుక్కల నమూనాను ఫొటో తీస్తారు.

ఆ నమూనాలో ప్రతి చుక్కా స్ఫటికంలోని ఒక పరమాణు తలాల వరుసకు చిరునామా. తలాలు ఎంత దగ్గరగా పేర్చి ఉంటే చుక్క కేంద్రానికి అంత దూరంగా పడుతుంది. లెక్క చాలా చిన్నది:

R × d = λ × L

ఇందులో R కేంద్రం నుంచి చుక్కకు ఉన్న దూరం, d తలాల మధ్య ఎడం, λ ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం. L అంటే కెమెరా లెంగ్త్. లెన్సుల మాయ ఏమీ లేకుండా నమూనా నేరుగా అదే సైజులో పడాలంటే తెర ఎంత దూరంలో ఉండాలో ఆ దూరమన్నమాట. 200 కిలోవోల్టుల దగ్గర తరంగదైర్ఘ్యం 0.00251 నానోమీటర్లు.

మన రేకు మీద ఒక చోట తీసిన ఫొటోలో కేంద్రానికి దగ్గరగా ఉన్న రెండు చుక్కలు 8.4 మిల్లీమీటర్ల దూరంలో, మూడోది 9.7 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. నడిమి చుక్క మిరుమిట్లు గొలుపుతూ ఉబ్బిపోయి ఉంటుంది కనుక దాని మధ్య బిందువు పట్టుకోవడం కష్టం. అందుకే అనుభవజ్ఞులు ఒక చుక్క నుంచి ఎదురుగా ఉన్న దాని జత చుక్క దాకా కొలిచి సగం చేస్తారు.

ముందు నిష్పత్తి చూడాలి. 9.7ని 8.4తో భాగిస్తే 1.155. ఘనాకార స్ఫటికంలో చుక్క దూరం దాని సూచికల వర్గాల మొత్తానికి వర్గమూలంగా పెరుగుతుంది. 111 చుక్కకు ఆ మొత్తం 3, 200 చుక్కకు 4. నాలుగును మూడుతో భాగించి వర్గమూలం తీస్తే 1.155 వస్తుంది. కాబట్టి దగ్గరి రెండూ 111 కుటుంబానివి, దూరపుది 200. ఒకదానికి (1, 1, −1), రెండోదానికి (−1, 1, −1) అని పేరు పెడితే వాటి మధ్య కోణం 70.5 డిగ్రీలు రావాలి. ఫొటోలో కొలిస్తే అంతే ఉంది. మొదటి దానిలోంచి రెండోదాన్ని తీసేస్తే (2, 0, 0). మూడో చుక్క సరిగ్గా అక్కడే ఉంది. ఈ రెండు సూచికలను అడ్డ గుణకారం చేస్తే కిరణం స్ఫటికంలో [011] దిశలో వెళ్లిందని తేలుతుంది.

ఇంతవరకూ కెమెరా లెంగ్త్‌తో పనే పడలేదు. నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది. అందులోనే చిక్కుంది: సిలికాన్ కూడా [011] దిశలో ఇదే ఆకారం చూపగలదు. సిలికాన్‌లో 200 చుక్క నిజానికి రాకూడదు. కానీ ఒక తలం వంచిన కిరణాన్ని మరో తలం మళ్లీ వంచితే ఆ చోట దొంగచుక్క వెలుస్తుంది. ఒకే ఫొటోను చిన్నగా, పెద్దగా ముద్రించినట్టు రెండు నమూనాలూ అచ్చంగా ఒకేలా ఉంటాయి.

ఇక్కడ తీర్పు చెప్పేది కెమెరా లెంగ్తే. మైక్రోస్కోపు 800 మిల్లీమీటర్లని చూపుతోంది. దాన్ని నమ్మి లెక్కిస్తే d విలువ 0.239 నానోమీటర్లు. అల్యూమినియం 111కి ఉండాల్సింది 0.234. సిలికాన్‌కు 0.314. అల్యూమినియమే అనిపిస్తుంది గానీ రెండు శాతం తేడా ఎందుకొచ్చింది? తెర మీద కనిపించే అంకె ఉజ్జాయింపు మాత్రమే. నమూనా కూర్చున్న ఎత్తు, లెన్సులో కరెంటు కాస్త మారినా అసలు విలువ జరుగుతుంది. అందుకే అదే అమరికలో బంగారు పొరను చూస్తారు. బంగారం 111 ఎడం 0.2355 నానోమీటర్లు. దాని వలయం వ్యాసార్ధం 8.36 మిల్లీమీటర్లు వస్తే λL విలువ 1.969, అంటే అసలు L 784 మిల్లీమీటర్లే. ఇప్పుడు మన చుక్కకు d 0.2344. అల్యూమినియం ఖాయం; సిలికాన్ అయితే ఆ చుక్క 6.3 మిల్లీమీటర్ల దగ్గర పడేది.

అయితే ఈ పద్ధతికి హద్దుంది. చేతికొలతలో ఒక శాతం అటూ ఇటూ అవడం మామూలే. బంగారానికీ అల్యూమినియానికీ 111 ఎడంలో తేడా ఒక శాతం కూడా లేదు. ఆ రెంటినీ చుక్కలతో విడదీయలేం. ఏ మూలకమో ఎక్స్ కిరణాలతో చూడాల్సిందే. 200 చుక్క దొంగదేమోనన్న అనుమానం మిగిలితే ఆ చుక్క ఉన్న వరుసను కదలకుండా ఉంచి స్ఫటికాన్ని పక్కకు వంచి చూడాలి. 111 చుక్కలు ఆరిపోయాక సిలికాన్‌లో అది కూడా మాయమవుతుంది, అల్యూమినియంలో నిలుస్తుంది. చుక్కల ఫొటో దాచుకునే వాళ్లు దాని పక్కనే వోల్టేజీ, బంగారంతో సరిచూసిన λL విలువ తప్పక రాసిపెట్టుకోవాలి.