అరబస్తా మిల్లర్‌తో స్లాబ్: ఆఖరి బ్యాచ్ లెక్క

అరబస్తా మిల్లర్ అంటే ఒక్కో విడతకు 25 కిలోల సిమెంటును, దానికి తగిన ఇసుకను, కంకరను కలిపే చిన్న కాంక్రీట్ యంత్రం. ఒకటి రెండు గదుల స్లాబులకు, మెట్ల పైకప్పులకు, ఇంటికి కొత్తగా చేర్చే వంటగదులకు ఎక్కువగా దీన్నే తెప్పిస్తారు. స్లాబ్‌కు ఎన్ని బ్యాచ్‌లు పడతాయో లెక్క కడితే అది నిండు సంఖ్యగా రావడం అరుదు. ముప్ఫై బ్యాచ్‌లు పోయగా ఇంకా కొంత మిగులుతుంది. ఆ కొంత కోసం వేసే చిన్న బ్యాచ్‌ను ముందే ఆలోచించి పెట్టుకోకపోతే, స్లాబ్ మొత్తంలో బలహీనమైన చోటు అదే అవుతుంది.

ఒక బ్యాచ్‌లో ఏముంటుంది

ఇళ్ల స్లాబులకు వాడే ఎం-20 కాంక్రీట్‌కు వాడుకలో ఉన్న పాళ్లు ఒకటికి ఒకటిన్నర, మూడు. అంటే సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర పాళ్లు, 20 మిల్లీమీటర్ల కంకర మూడు పాళ్లు. 25 కిలోల సిమెంటు కొలతలో సుమారు 17.5 లీటర్లు. లోపలి కొలతలు 25 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 28 ఎత్తు ఉండేలా చెక్క పెట్టె చేయిస్తే అందులో సరిగ్గా అంతే పడుతుంది. ఆ పెట్టెతో ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర పోస్తే ఒక అరబస్తా బ్యాచ్ తయారు. తట్టలతో కొలిస్తే ఒకరు కుప్పగా, ఇంకొకరు వెలితిగా నింపుతారు. పెట్టెకైతే పైన అడ్డకర్ర లాగి చదును చేస్తే చాలు.

సిమెంటును మాత్రం తూకం వేసుకోవడమే మేలు. బస్తా విప్పి పోసినప్పుడు అది గుల్లబారి ఎక్కువగా కనిపిస్తుంది, కూరితే తగ్గిపోతుంది. కంటి అంచనాతో బస్తాను సగం చేస్తే ఒక బ్యాచ్‌లో 22 కిలోలు, తర్వాతి దానిలో 28 కిలోలు పడటం మామూలే.

పొడి సరుకంతా కలిపి 96 లీటర్లు ఉంటుంది. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు ముద్ద దూరిపోతాయి కనుక మిల్లర్ నుంచి బయటికి వచ్చేది సుమారు 62 లీటర్లే. అడుగుల్లో చెప్పాలంటే 2.2 ఘనపుటడుగులు. కాగితం మీద వేసే లెక్కకు ఇదే ఆధారం. ఇసుక తేమను బట్టి, కంకర ఆకారాన్ని బట్టి పని జరిగే చోట ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది.

తడి ఇసుకకు ఒక సవరణ అవసరం. కాస్త తేమ తగిలిన ఇసుక ఉబ్బి, కొలతలో పావు వంతు దాకా ఎక్కువగా కనిపిస్తుంది. నిటారు అంచులున్న డబ్బాలో ఇసుక నింపి, మునిగేలా నీళ్లు పోసి కదిపితే ఎంత కుంగిందో చూసి ఉబ్బు తెలుసుకోవచ్చు. ఉబ్బు పావు వంతు ఉంటే ఇసుక కోసం 28కి బదులు 35 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె వేరుగా వాడాలి. అప్పుడు పెట్టెల సంఖ్య మారదు. అలాంటి ఇసుక తనతోపాటు బ్యాచ్‌కు సుమారు రెండు లీటర్ల నీళ్లు తెస్తుంది. బ్యాచ్‌కు మొత్తం 13 లీటర్లు కావాలంటే పైనుంచి పోయాల్సింది 11 లీటర్లే.

కాగితం మీద లెక్క

14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న ఒక గది స్లాబ్‌ను తీసుకుందాం. గోడల మీద కూర్చునే భాగం కూడా ఈ కొలతల్లోనే ఉంది. 14ను 11తో హెచ్చిస్తే 154 చదరపు అడుగులు. మందంతో హెచ్చిస్తే 64.2 ఘనపుటడుగులు. మిల్లర్‌కు అంటుకునేది, దారిలో ఒలికేది, సెంట్రింగ్ కాస్త కుంగితే పట్టేది కలిపి నూటికి ఐదు చేర్చుకుంటే 67.4 అవుతుంది. దీన్ని 2.2తో భాగిస్తే 30.6 బ్యాచ్‌లు వస్తాయి.

ఆ నూటికి ఐదు ఎక్కువేమీ కాదు. మందం పావు అంగుళం పెరిగితే చాలు, మొత్తం 3.2 ఘనపుటడుగులు అదనంగా పడుతుంది. అంటే దాదాపు ఒకటిన్నర బ్యాచ్. అందుకే 5 అంగుళాల గురుతు పెట్టిన కడ్డీని పోసిన చోటల్లా గుచ్చి చూస్తూ ఉండాలి. మందం అదుపులో లేకపోతే ఆఖరి బ్యాచ్ లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా నిలవదు.

ఇప్పుడు మిగిలిన 0.6 బ్యాచ్ సంగతి. ఒకటికి ఒకటిన్నర, మూడు అనే పాళ్లు మూడో వంతులకు చక్కగా లొంగుతాయి. మూడింట రెండు వంతుల బ్యాచ్‌కు సరిగ్గా ఒక పెట్టె ఇసుక, రెండు పెట్టెల కంకర సరిపోతాయి. మూడో వంతు బ్యాచ్‌కు అర పెట్టె ఇసుక, ఒక పెట్టె కంకర. అదే సగం బ్యాచ్ వేయాలంటే ముప్పావు పెట్టె ఇసుక, ఒకటిన్నర పెట్టెల కంకర అంటూ అంచనాల్లోకి దిగాలి. సిమెంటు కూడా కలిసి వస్తుంది. 50 కిలోల బస్తాను మూడు సమభాగాలు చేస్తే ఒక్కో భాగం 16.7 కిలోలు. మూడింట రెండు వంతుల బ్యాచ్‌కు కావలసింది అదే. కనుక మిగులు ఎంత వచ్చినా దాన్ని పైనున్న మూడో వంతుకు పెంచుకోవడం మంచి పద్ధతి. ఇక్కడ 0.6ను మూడింట రెండు వంతులుగా తీసుకోవాలి.

మొత్తం 30 నిండు బ్యాచ్‌లకు 15 బస్తాలు, చిన్న బ్యాచ్‌కు బస్తాలో మూడో వంతు పడతాయి. కాబట్టి 16 బస్తాలు తెప్పించాలి. చివర్లో తేడా వస్తే ఒక నిండు బ్యాచ్‌కు, ఇంకో మూడో వంతుకు సరిపడే సిమెంటు ఆ పదహారో బస్తాలోనే ఉంటుంది.

చిన్న బ్యాచ్‌లో పొంచి ఉన్న తప్పు

బ్యాచ్ చిన్నదయ్యే కొద్దీ నీళ్ల తప్పు పెద్దదవుతుంది. నిండు బ్యాచ్‌లో లీటరు పట్టే మగ్గుతో ఒక మగ్గు ఎక్కువ పడితే 13 లీటర్లు 14 అవుతాయి. సిమెంటు బరువుతో పోల్చిన నీటి నిష్పత్తి 0.52 నుంచి 0.56కు పెరుగుతుంది. మూడో వంతు బ్యాచ్‌లో అదే ఒక్క మగ్గు ఆ నిష్పత్తిని 0.64కు తీసుకుపోతుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456:2000 ప్రకారం, తేమ, ఉప్పుగాలి వంటి బెడద లేని చోట కూడా ఇనుము వేసిన కాంక్రీట్‌కు ఈ నిష్పత్తి 0.55 దాటకూడదు. నీళ్లు పోసే మనిషి రోజంతా అలవాటైన చేత్తో అదే బకెట్టు వంచేది సరిగ్గా ఇక్కడే. చిన్న బ్యాచ్‌కు పోయాల్సిన నీళ్లను ముందే వేరే బకెట్టులో కొలిచి ఉంచితే ఆ తప్పు జరగదు.

రెండో చిక్కు కలయికది. డ్రమ్ములో సరుకు మరీ తక్కువైతే రెక్కలు దాన్ని పైకెత్తి వదలలేవు. ముద్ద అడుగున జారుతూ ఉండిపోతుంది, కంకర కొన్ని చోట్ల పొడిగా మిగులుతుంది. పోసినప్పుడు రంగు అంతటా ఒకేలా లేకుండా, బూడిదరంగు చారలు కనిపిస్తే సరిగా కలవలేదని అర్థం. కనీసం రెండు నిమిషాలు కలపాలని అదే ప్రమాణం చెబుతుంది. చిన్న బ్యాచ్‌కు ఆ సమయం తగ్గించకూడదు.

ఈ రెండు కారణాల వల్ల మూడో వంతు బ్యాచ్‌ను విడిగా వేయకూడదు. దాన్ని చివరి నిండు బ్యాచ్‌తో కలిపి రెండు సమభాగాలు చేయాలి. ఒకటీ మూడో వంతును రెండుగా పంచితే మూడింట రెండు వంతుల బ్యాచ్‌లు రెండు వస్తాయి. వాటికి పెట్టె కొలతలు నిండుగా కుదురుతాయి, డ్రమ్ము కూడా తగినంత నిండుతుంది.

చిన్న బ్యాచ్‌ను మొదట వేయడం కూడా సరికాదు. పొడి డ్రమ్ము మొదటి విడతలోని సిమెంటు, ఇసుక ముద్దను తనకు పట్టించుకుంటుంది. చిన్న బ్యాచ్‌కు ఆ నష్టం భరించే శక్తి ఉండదు. మొదటి నిండు బ్యాచ్‌లోనే కొంచెం సిమెంటు, ఇసుక అదనంగా వేసి ఆ లోటు పూడ్చాలి.

నాలుగైదు బ్యాచ్‌ల ముందు ఆగి కొలవడం

మిల్లర్ నుంచి బయటికి వచ్చిన ప్రతి బ్యాచ్‌కు గోడ మీద ఒక గీత గీస్తూ పోవాలి. అసలు లెక్క తేలేది 26వ గీత దగ్గర. కాంక్రీట్‌ను 14 అడుగుల పొడవు వెంట, వెడల్పంతా నింపుకుంటూ తెచ్చారనుకుంటే, అప్పటికి ఎంత దూరం వచ్చిందో టేపుతో చూడాలి. కాంక్రీట్ అంచు వాలుగా ఉంటుంది కనుక వాలు మధ్య నుంచి కొలవాలి.

కాగితం ప్రకారమైతే 26 బ్యాచ్‌లకు ఒలికినదేదీ లేకుండా పన్నెండున్నర అడుగులు రావాలి. కొలిస్తే 12 అడుగుల 1 అంగుళం వచ్చిందనుకుందాం. అంటే 145 అంగుళాలు. దాన్ని 26తో భాగిస్తే ఒక్కో బ్యాచ్ 5.6 అంగుళాల దూరం నింపిందని తెలుస్తుంది. మిగిలింది 23 అంగుళాలు. 23ను 5.6తో భాగిస్తే 4.1 బ్యాచ్‌లు. ఇందులో ఘనపుటడుగులతో పని లేదు. మందంలో వచ్చిన తేడా, ఒలికినది, డ్రమ్ముకు అంటినది అన్నీ ఆ 5.6లోనే కలిసిపోయాయి. అందుకే ఈ కొలత కాగితం మీది 30.6 కంటే నమ్మదగినది.

4.1ను పై మూడో వంతుకు పెంచితే నాలుగూ మూడో వంతు. అంటే మూడు నిండు బ్యాచ్‌లు, ఆ తర్వాత మూడింట రెండు వంతుల బ్యాచ్‌లు రెండు. వీటికి సిమెంటు బస్తాన్నర, మరో బస్తాలో మూడింట రెండు వంతులు పడుతుంది. ఆ రెండు చిన్న బ్యాచ్‌ల ఇసుక, కంకర, సిమెంటు, నీళ్లు అప్పుడే కొలిచి పక్కన పెట్టించాలి. మిల్లర్‌లో వేయడం మాత్రం వాటి వంతు వచ్చినప్పుడే. చివరి బ్యాచ్‌లో నీళ్లు కలిపే ముందు మిగిలిన పట్టీని ఇంకోసారి కొలిస్తే, మిగులు ఉంటుందో తరుగు పడుతుందో అప్పటికే తెలిసిపోతుంది.

తరుగు, మిగులు

తరుగు పడితే నష్టం ఎక్కువ. చివరి పట్టీ సాధారణంగా గోడను ఆనుకుని ఉంటుంది. స్లాబ్‌లో కోత బలం ఎక్కువగా పనిచేసేది కూడా ఆధారాల దగ్గరే. సిమెంటు కోసం మనిషిని పంపి గంటలు ఆగితే ముందు పోసినది గట్టిపడి, కొత్తది దానితో కలవక, నీళ్లు దిగే అతుకు ఏర్పడుతుంది. పై మూడో వంతుకు పెంచుకోవడం, పదహారో బస్తాను చేతిలో ఉంచుకోవడం ఇందుకోసమే.

మిగిలినది బకెట్టు, రెండు బకెట్లు ఉంటే దానికి ముందే చోటు చూపాలి. సంపు మూతకో, చిన్న మురుగు గుంత మూతకో నూనె రాసి, జాలీ పెట్టిన అచ్చును మిల్లర్ పక్కన సిద్ధంగా ఉంచితే సరిపోతుంది. స్లాబ్ మీద మందం పెంచుతూ పరచడం సరికాదు, అనవసరపు బరువు మోయాల్సింది ఆ స్లాబే. గట్టిపడుతున్న ముద్దలో నీళ్లు పోసి మళ్లీ మెత్తబరిచి వాడటం అంతకంటే తప్పు. విప్పిన బస్తాలో మిగిలిన సిమెంటు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని ఆ ఒకటి రెండు రోజుల్లోనే గోడకట్టుకో పూతకో వాడేయాలి, ఇంకో స్లాబ్ కోసం దాచకూడదు.