ఆన్‌లైన్‌లో వచ్చిన మందులు: పార్సిల్ తెరిచాక ఏమేం సరిచూసుకోవాలి?

ఆన్‌లైన్ ఫార్మసీల గురించి వినియోగదారులు రాసే సమీక్షల్లో ‘త్వరగా వచ్చింది’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. దుస్తులకో చెప్పులకో ఆ మాట చాలు. మందుల విషయంలో మరో ప్రశ్నకు సమాధానం కావాలి. వచ్చిన మందు చివరి మోతాదు వరకు పనిచేసే స్థితిలో ఉంటుందా? దీనికి జవాబు మందు పెట్టె మీద, బిల్లులో, సంస్థ ఇచ్చే వివరణలో దొరుకుతుంది.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. గుంటూరులో మధుమేహంతో ఉన్న ఒక వృద్ధుడికి కుటుంబ సభ్యులు 2025 మే 10న మూడు నెలల మందులు ఆర్డర్ చేశారనుకుందాం. రోజుకు రెండు చొప్పున 90 రోజులకు 180 మెట్‌ఫార్మిన్ మాత్రలు, అంటే పదేసి మాత్రలున్న 18 స్ట్రిప్పులు. వాటితో పాటు ఐదు ఇన్సులిన్ కార్ట్రిడ్జ్‌లు. ఒక్క రోజులో అందిస్తామని సంస్థ చెప్పింది. పార్సిల్ మే 12 మధ్యాహ్నం చేరింది.

సీలు ఎక్కడ చూడాలి?

పార్సిల్‌కు అంటించిన టేపు చెక్కుచెదరలేదంటే దారిలో ఎవరూ తెరవలేదని మాత్రమే అర్థం. లోపల పెట్టినదేమిటో ఆ టేపు చెప్పలేదు. చూడవలసింది తయారీదారు వేసిన సీలు. ఇన్సులిన్ పెట్టె మూత అంటించినట్టే ఉండాలి. స్ట్రిప్పుల్లో ఏ మాత్ర గది మీదా రేకు చిరిగి గానీ, ఉబ్బి గానీ ఉండకూడదు.

ఆ తర్వాతి పని బిల్లు చేతిలో పట్టుకుని బ్యాచ్ నంబరును పోల్చడం. ఒకే సమయంలో తయారైన మందులన్నిటికీ ఒకే బ్యాచ్ నంబరు ఉంటుంది. ఒక మందులో లోపం బయటపడి వెనక్కి పిలిపించినప్పుడు ఆ నంబరు ఆధారంగానే గుర్తిస్తారు. బిల్లులో ఒక నంబరు, స్ట్రిప్పు మీద మరో నంబరు ఉంటే బిల్లు వేసిన సరుకు, పంపిన సరుకు వేరన్నమాట. అది పొరపాటే కావచ్చు. అయినా వివరణ వచ్చే వరకు ఆ మందును పక్కన పెట్టడం మంచిది. బిల్లు మీద అమ్మిన దుకాణం పేరు, ఔషధ లైసెన్సు నంబరు కూడా చూడాలి. ఆర్డర్ తీసుకున్న యాప్ ఒకటి, మందు పంపిన దుకాణం మరొకటి కావచ్చు.

కత్తిరించిన స్ట్రిప్పుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గడువు, బ్యాచ్ నంబరు సాధారణంగా స్ట్రిప్పులో ఒక చివరనే ముద్రిస్తారు. రెండో ముక్క వచ్చినవారికి ఆ వివరాలేవీ కనిపించవు.

గడువును ఎలా లెక్కించాలి?

లేబుల్ మీద గడువు 07/2025 అని నెల, సంవత్సరం మాత్రమే ఉంటే, భారత ఔషధ నిబంధనల ప్రకారం ఆ మందును జులై 31 వరకు వాడవచ్చు. కాబట్టి మే 12న అందిన ఈ మాత్రలకు గడువు ముగియలేదు. పార్సిల్ అందిన రోజును మాత్రమే చూసేవారికి ఇందులో తప్పేమీ కనిపించదు.

వాడకం ముగిసే రోజును చూస్తే లెక్క మారుతుంది. మే 13 నుంచి వాడకం మొదలైతే జులై 31కి 80 రోజులు పూర్తవుతాయి. రోజుకు రెండు చొప్పున 160 మాత్రలు అయిపోతాయి. మొత్తం 18 స్ట్రిప్పులకూ అదే గడువు ఉంటే చివరి 20 మాత్రలు, అంటే రెండు స్ట్రిప్పులు, గడువు దాటాక మిగులుతాయి. వాటిని మార్చి ఇవ్వమని అడగడం న్యాయమే.

ఒకవేళ 12 స్ట్రిప్పులకు జులై 2025, మిగిలిన ఆరింటికి 2026 గడువు ఉందనుకుందాం. ముందు గడువు ముగిసేవాటిని ముందుగా వాడితే అవి జులై 11 నాటికే పూర్తవుతాయి. అప్పుడు వేటినీ తిప్పి పంపనవసరం లేదు. అందుకే ప్రతి స్ట్రిప్పునూ విడివిడిగా చూడాలి. పైనున్న ఒక్కదాన్ని చూసి అన్నీ అంతేనని అనుకోకూడదు.

ఆలస్యం ఎప్పుడు ప్రమాదకరం?

మాత్రలు ఒక రోజు ఆలస్యమైతే, ఇంట్లో నాలుగు రోజుల నిల్వ ఉన్నవారికి నష్టం లేదు. ఇన్సులిన్ అలా కాదు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. పెట్టె మీద ముద్రించిన గడువు ఆ చల్లదనంలో ఉంచినప్పుడే వర్తిస్తుంది. మే నెల ఎండల్లో రెండు రోజులు తిరిగిన పార్సిల్‌లో జెల్ ప్యాకులు పూర్తిగా కరిగి గోరువెచ్చగా ఉంటే, ఇన్సులిన్ ఎంత వేడిని ఎంతసేపు భరించిందో చెప్పడం కష్టం.

అంతమాత్రాన అది తప్పక పాడైందని కాదు. వాడుకలో ఉన్న చాలా రకాల ఇన్సులిన్‌లను సుమారు 30 డిగ్రీల లోపు గది వేడిలో దాదాపు నాలుగు వారాల పాటు ఉంచుకోవచ్చని తయారీదారులే చెబుతారు. చిక్కేమిటంటే, ఎక్కువ వేడికి శక్తి తగ్గిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. తేడా రక్తంలో చక్కెర పెరిగినప్పుడే బయటపడుతుంది.

కంటికి కనిపించే గుర్తులూ కొన్ని ఉన్నాయి. తేటగా ఉండవలసిన రకం మసకబారినా, సహజంగా తెల్లగా ఉండే మిశ్రమ రకంలో నెమ్మదిగా కలిపిన తర్వాత కూడా గడ్డలు మిగిలినా దాన్ని వాడకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి కరిగినా పనికిరాదు. జెల్ ప్యాకు నేరుగా కార్ట్రిడ్జ్‌కు ఆని ఉంటే ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే మధ్యలో అట్ట అడ్డుగా ఉందో లేదో చూడాలి.

సంస్థను ఏమని అడగాలి?

‘మందు బాగుందా?’ అని అడిగితే ‘మా మందులన్నీ అసలైనవే’ అన్న జవాబు రావచ్చు. ప్రశ్న కచ్చితంగా ఉంటే జవాబు కూడా తేలిపోతుంది. ఈ ఉదాహరణలో అడగవలసినవి మూడు. ఇన్సులిన్ దుకాణం నుంచి ఏ సమయానికి బయలుదేరింది? దారిలో ఉష్ణోగ్రతను నమోదు చేశారా? చేయకపోతే మార్చి ఇస్తారా? పార్సిల్ తెరిచిన వెంటనే తీసిన ఫొటోలు, బ్యాచ్ నంబరు జతచేసి ఈ ప్రశ్నలను రాతపూర్వకంగా పంపాలి. ఈలోగా ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో విడిగా ఉంచాలి.

ప్రశ్నను ఫార్మసిస్టుకు అందించి, ఆ బ్యాచ్ గురించే జవాబిచ్చిన సంస్థ తన బాధ్యత నెరవేర్చినట్టు. ఆలస్యానికి క్షమాపణ చెప్పి డిస్కౌంట్ కూపన్ పంపిన సంస్థ అసలు ప్రశ్నకు జవాబివ్వనట్టే. ఈ–కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు–2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

అయితే నెల రోజులు ఇన్సులిన్ లేకుండా ఉండటం సాధ్యం కాదు. జవాబు కోసం ఎదురుచూస్తూ మోతాదు మానేయకూడదు. దగ్గర్లోని మందుల దుకాణంలో ఒక కార్ట్రిడ్జ్ కొనుక్కుని చికిత్స కొనసాగించాలి. అనుమానమున్న ఇన్సులిన్‌ను అప్పటికే వాడి ఉంటే చక్కెర పరీక్షలు పెంచి, అంకెలు ఎక్కువగా వస్తే వైద్యుణ్ని సంప్రదించాలి. ఆ అంకెలు చూసి సొంతంగా మోతాదు పెంచితే, తర్వాత మంచి ఇన్సులిన్ చేతికి వచ్చిన రోజున చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.