పదహారు ఆంపుల లైను, పదమూడు ఆంపుల వైరు

మా వీధి చివర ఒక మాస్టారు ఇల్లు కట్టుకుంటున్నారు. స్లాబు వేయడం అయిపోయింది, గోడల్లో పైపులు పరిచారు, వైరు లాగడం మొదలవబోతోంది. ఒక ఆదివారం పొద్దున ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన లోడ్ షీటు పట్టుకుని వచ్చారు. నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. "ఇందులో లెక్కలన్నీ భాగించి చూశానండీ, అన్నీ సరిపోయాయి. అయినా మీరు ఒకసారి చూస్తే ధైర్యం" అన్నారు.

అది ఒక్క పేజీ షీటు. ఒక్కో లైనుకు ఒక్కో వరుస. వరుసలో వస్తువు పేరు, వాట్లు, వోల్టేజి, ఆంపులు, వైరు సైజు, చివరి గడిలో ఎంసీబీ. మాస్టారు చూసింది మొదటి సగమే. వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆంపులు వస్తాయి, ఆ లెక్క తప్పలేదు. కానీ ఆంపులకూ వైరుకూ, వైరుకూ ఎంసీబీకీ పొత్తు కుదిరిందా అన్నది భాగహారంలో తేలదు.

గీజరు వరుసే చూడండి. 2000 వాట్లు, 230 వోల్టులు, 8.7 ఆంపులు, ఒకటిన్నర వైరు, 16 ఆంపుల ఎంసీబీ. ఒకటిన్నర అంటే రాగి తీగ అడ్డుకోత 1.5 చదరపు మిల్లీమీటర్లు. మామూలు పీవీసీ తొడుగున్న ఈ వైరు రెండు పోగులు పైపులో నడిస్తే సుమారు 13 ఆంపులు మోస్తుంది. 8.7 కంటే 13 ఎక్కువే, కాబట్టి వైరు చాలుతుంది. చిక్కు చివరి గడిలో ఉంది. ఎంసీబీ 16 ఆంపులది, వైరు మోసేది 13. ఈ రెంటి మధ్య కరెంటు ఎంత పారినా వైరు దాని హద్దు దాటి వేడెక్కుతుంది, ఎంసీబీకి మాత్రం తన హద్దులోనే ఉన్నట్టు. అది పడిపోదు.

ఎంసీబీ గీజరును కాపాడటానికి పెట్టారని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది గోడలో ఉన్న వైరును. గీజరు పాడైతే మార్చుకుంటాం, గోడలో తొడుగు కరిగిన వైరు కంటికి కనపడదు. అందుకే ప్రతి వరుసలోనూ మూడు అంకెలు ఒక క్రమంలో నిలబడాలి. వస్తువు లాగే ఆంపుల కంటే ఎంసీబీ పెద్దదిగా ఉండాలి, ఎంసీబీ కంటే వైరు మోసే ఆంపులు ఎక్కువగా ఉండాలి. సమానమైనా సరే గాని తలకిందులు కాకూడదు.

"మీరు కొన్న గీజరు ఇదేనా?" అని అడిగాను. ఆయన ఫోనులో ఫొటో చూపించారు. అది మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు, దాని ప్లేటు మీద 3000 వాట్లని ఉంది. షీటు రాసేనాటికి మాస్టారు ఇంకా కొనలేదు, ఎలక్ట్రీషియన్ తన అలవాటు అంకె వేసేశాడు. 3000ను 230తో భాగిస్తే 13 ఆంపులు. అంటే ఒకటిన్నర వైరు మోయగలిగినంత మొత్తం. ఇక్కడ రెండున్నర వైరు కావాలి. అది సుమారు 18 ఆంపులు మోస్తుంది. 13, 16, 18 అని వరుస కుదురుతుంది. షీటులో వాట్లు నోటిమాటగా రాసినవా, వస్తువు ప్లేటు చూసి రాసినవా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఏసీ వరుసలో తప్పు ఇంకో రకం. ఒకటిన్నర టన్ను ఏసీకి 5200 వాట్లు, 22.6 ఆంపులు, ఆరు వైరు, 25 ఆంపుల ఎంసీబీ అని రాశాడు. ఏసీ పెట్టె మీద 5200 వాట్లని నిజంగానే ఉంటుంది. అయితే అది ఏసీ గదిలోంచి బయటికి తోడేసే వేడి. ఒక టన్ను చల్లదనమంటే సుమారు 3500 వాట్ల వేడిని తోడటం. అందుకు అది మీటరు నుంచి లాగే కరెంటు చాలా తక్కువ. అదే ప్లేటు మీద ఇన్‌పుట్ పవర్ అని వేరే ఉంటుంది, మాస్టారి ఏసీకి అది 1600 వాట్లు. ఏసీలో ఉన్నది మోటారు కాబట్టి పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే సుమారు ఎనిమిది ఆంపులు. రెండున్నర వైరు, 16 ఆంపుల ఎంసీబీ చాలు. ఆరు వైరు వేస్తే ప్రమాదమేమీ లేదు, డబ్బు వృథా అంతే.

నీళ్ల మోటారుది దీనికి సరిగ్గా ఎదురు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు అని బడిలో చదువుకున్నదే షీటులోకి ఎక్కింది. 3.2 ఆంపులు, ఆరు ఆంపుల ఎంసీబీ. ఆ 746 మోటారు ఇరుసు దగ్గర ఇచ్చే పని. చిన్న మోటారు అంత పని చేయాలంటే లైను నుంచి చాలా ఎక్కువ లాగాలి, కొంత దాని ఒంట్లోనే వేడిగా పోతుంది. ప్లేటు మీద ఆంపులు 6.5 అని ఉన్నాయి. మోటారుకు వాట్ల లెక్క వదిలేసి ప్లేటు మీది ఆంపులే రాసుకోవడం మంచిది. 6.5 నడిచే చోట ఆరు ఆంపుల ఎంసీబీ నిలవదు. పైగా మోటారు లేచే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ కాస్త కుదుపును ఓర్చుకునే సీ రకం ఎంసీబీ, పది ఆంపులది పెట్టమన్నాను. ఒకటిన్నర వైరు 13 మోస్తుంది కాబట్టి అక్కడ వైరు మార్చనక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది వంటింటి వరుస. మిక్సీ 750, మైక్రోవేవ్ ఓవెన్ 1200, ఇండక్షన్ పొయ్యి 2000, కెటిల్ 1500. మొత్తం 5450 వాట్లు, 23.7 ఆంపులు. అన్నిటికీ ఒకే రెండున్నర లైను, దానికి 32 ఆంపుల ఎంసీబీ. "ఇరవై పెడితే మాటిమాటికీ పడిపోతుందని పెద్దది పెడతానన్నాడండీ" అన్నారు మాస్టారు. మన ఊళ్లలో ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో చెప్పలేను. ఎంసీబీ పడిపోతోందంటే లైను మోయలేకపోతోందని అర్థం. పెద్ద ఎంసీబీ పెడితే ఆ కబురు మనదాకా రాదు, బరువు మాత్రం వైరు మీద అలాగే ఉంటుంది.

ఎంత బరువో చూద్దాం. వైరులో పుట్టే వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. 18 మోయాల్సిన వైరులో 23.7 పారితే కరెంటు మూడోవంతు దాకా పెరిగింది, వేడి మాత్రం ఒకటిముప్పావు రెట్లయింది. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలకు మించి రోజూ ఓర్చుకోలేదు. పెళుసుబారి పగుళ్లిస్తుంది. మే నెలలో మన స్లాబులో నడిచే పైపు ముందే కాగి ఉంటుంది, ఒకే పైపులో నాలుగైదు లైన్లు దూర్చితే ఒకదాని వేడి ఒకదానికి తగులుతుంది. అందువల్ల నేను చెప్పిన 13, 18 కూడా అలాంటి చోట ఇంకా తగ్గుతాయి. ఆ 32 ఆంపుల ఎంసీబీ 36 ఆంపుల దాకా పారినా గంటసేపు పడిపోకుండా నిలబడేలా తయారైన వస్తువు. అది దాని లోపం కాదు, దాని ప్రమాణమే అంత.

మందు సులభమే, గోడకు పూత పడకముందైతే. ఇండక్షన్ పొయ్యికి విడిగా ఒక రెండున్నర లైను. మిగతా మూడింటికి ఇంకొకటి, వాటి మొత్తం 3450 వాట్లు, 15 ఆంపులు. రెంటికీ 16 ఆంపుల ఎంసీబీలు. 15, 16, 18. అంతా ఒకేసారి నడిచినా నిలుస్తుంది.

వోల్టేజి గడిలో అన్నిటికీ 230 అని ఉంది. కాగితం మీద అది సరైనదే. వేసవి సాయంత్రాల్లో 190కి పడిపోయే ఊళ్లున్నాయి. అప్పుడు గీజరు తక్కువే లాగుతుంది. 13 బదులు సుమారు 10.8 ఆంపులు, వాట్లు రెండువేలకు దిగుతాయి, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. మోటారు, ఏసీ అలా కాదు. పని తగ్గించుకోకుండా ఎక్కువ ఆంపులు లాగి వేడెక్కుతాయి. వోల్టేజి పడిపోయే ఊళ్లో ఈ రెండు వరుసల్లో కొంచెం వెసులుబాటు వదలాలి.

చివరికి మెయిన్ వరుస. షీటులో అన్నీ కూడి 14 కిలోవాట్లని రాసి, ఆరు వైరు, 40 ఆంపుల మెయిన్ అని ముగించాడు. 14 కిలోవాట్లకు 60 ఆంపులు దాటుతుంది, ఆరు వైరు మోసేది సుమారు 31. మూడు అంకెలూ మూడు దారుల్లో ఉన్నాయి. ఇంట్లో అన్నీ ఒకేసారి నడవవన్నది నిజం. అలాగని ఊహించి రాయకూడదు, ఆ ఇంట్లో బరువైన గంట ఏదో అడిగి తెలుసుకోవాలి. మాస్టారి ఇంట్లో అది పొద్దున ఏడు. గీజరు 3000, ఇండక్షన్ 2000, మోటారు 1300, మిక్సీ 750, ఫ్యాన్లు లైట్లు 400. కలిపితే 7450 వాట్లు, 32 ఆంపుల పైచిలుకు. ఆరు వైరు చాలదు. పది వైరు సుమారు 42 మోస్తుంది, దానికి 40 ఆంపుల మెయిన్ సరిపోతుంది. ఏసీకి అక్కర్లేని చోట లావు వైరు రాసి, ఇల్లంతా ఆధారపడే చోట సన్నది రాశాడు. కరెంటు కనెక్షనుకు పెట్టిన దరఖాస్తులో లోడు ఐదు కిలోవాట్లని ఉంది. అది కూడా మార్చి, త్రీ ఫేజు అవసరమవుతుందేమో కరెంటు ఆఫీసులో అడగమన్నాను.

పాత ఇళ్లవాళ్లు షీటు లేదని ఊరుకోనక్కర్లేదు. వైరు తొడుగు మీదే సైజు అచ్చువేసి ఉంటుంది, ఎంసీబీ ముఖం మీద దాని ఆంపులుంటాయి. సీ16 అంటే సీ రకం, 16 ఆంపులు. పెట్టె మూత మాత్రం మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్ను పిలిచి చూపించమనండి. అతని దగ్గర క్లాంప్ మీటరుంటే వస్తువులన్నీ వేసి ఒక్క ఫేజు వైరు చుట్టూ దాన్ని పట్టిస్తే, నిజంగా పారే ఆంపులు తెలుస్తాయి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టిస్తే మీటరు సున్నా చూపిస్తుంది, అది చూసి మోసపోకూడదు. గీజరు ప్లగ్గు చేతికి కాలడం, స్విచ్చుబోర్డు పసుపెక్కడం, ప్లాస్టిక్ కమురు వాసన, ఇవి ఏ మీటరూ లేకుండానే తెలిసే గుర్తులు. కనపడిన రోజే ఆ లైను ఆపేయండి.

మాస్టారు మంగళవారం ఎలక్ట్రీషియన్ను వెంటబెట్టుకుని వచ్చారు. అతను వాదించలేదు, వంటింటి లైను వరుస దగ్గర ఆగి, "పాయింట్లు పెరుగుతాయి కదా సార్, ఖర్చని రాయలేదు" అన్నాడు. ఏసీకి అనుకున్న ఆరు వైరు మానేస్తే మిగిలే డబ్బు రెండో వంటింటి లైనుకు ఉపయోగపడుతుందని ముగ్గురం కూర్చుని లెక్క వేసుకున్నాం. సరిచేసిన షీటును డీబీ పెట్టె తలుపు లోపల అంటించమన్నాను. మీ ఇంట్లో కూడా అంటించండి. కొత్త వస్తువు కొన్న రోజున దాని ప్లేటు చూసి, ఏ లైనులో పెడుతున్నారో ఆ వరుసలో వాట్లు కలిపి, 230తో భాగించి, పక్కన ఉన్న ఎంసీబీ అంకెతోనూ వైరు అంకెతోనూ పోల్చుకున్నాకే ప్లగ్గు పెట్టండి.