తగ్గిన నెలలోనే ఎక్కువ యూనిట్లు

ఎన్‌ఏవీ 10 రూపాయలున్న ఫండ్ చవక, 500 ఉన్నది ఖరీదు అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఫండ్ చేతిలోని షేర్లు, బాండ్లు, నగదు విలువలోంచి ఖర్చులు, బాకీలు తీసేసి, మిగిలినదాన్ని యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఎన్‌ఏవీ. పెట్టుబడులు 10 శాతం పెరిగితే రెండింట్లోనూ మీ లక్ష దాదాపు లక్షా పదివేలే అవుతుంది.

సిప్‌లో నెలకు 5,000 కడుతున్నారనుకుందాం. మొదటి నెల ఎన్‌ఏవీ 50, తర్వాత 40, ఆపైన 25, మళ్లీ 40. మీకు వరసగా 100, 125, 200, 125 యూనిట్లు వస్తాయి. మొత్తం 20,000కి 550 యూనిట్లు. అంటే ఒక్కోటి సుమారు 36.36 రూపాయలకు పడింది. ఆ నాలుగు ఎన్‌ఏవీల సగటు మాత్రం 38.75. కట్టే సొమ్ము మారకపోవడంతో, ధర పడినప్పుడు యూనిట్లు ఎక్కువొచ్చాయి. భయపడి మూడో నెల ఆపేసినవారు ఆ 200 యూనిట్లే పోగొట్టుకుంటారు.

అయితే ఇది నష్టం రాదన్న హామీ కాదు. చివరికి ఎన్‌ఏవీ 30 దగ్గరే ఆగితే ఈ 550 యూనిట్ల విలువ 16,500 మాత్రమే. మార్కెట్ ఆగకుండా పెరిగితే, మొదట్లోనే మొత్తం పెట్టినవారికే లాభం ఎక్కువ.

ఎక్స్‌పెన్స్ రేషియోకి విడిగా బిల్లు రాదు. రోజూ కొంత కోసుకున్నాకే ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 నుంచి ఉన్నాయి. మీ స్టేట్‌మెంట్‌లో ఫండ్ పేరు పక్కన ‘రెగ్యులర్’ అని ఉందో, ‘డైరెక్ట్’ అని ఉందో ఇవాళే చూసుకోండి.