వెంటాడే జీపు ఎటు పోతోంది?

బైక్ మీద కుర్రాడు తెరకు ఎడమ నుంచి కుడికి దూసుకుపోతున్నాడు. వెనక జీపు తరుముతోంది. తర్వాతి షాట్‌లో అదే కుర్రాడు కుడి నుంచి ఎడమకు వస్తున్నాడు. షూటింగ్ జరిగిన చోట బైక్ ఎక్కడా వెనక్కి తిరగలేదు, నేరుగానే పోయింది. మారింది కెమెరా నిలబెట్టిన చోటు మాత్రమే. హాల్లో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. కుర్రాడు వెనక్కి తిరిగాడనీ, జీపుకు ఎదురెళ్తున్నాడనీ అనుకుంటాడు. తడబాటు అర సెకనే కావచ్చు. కానీ ఆ అర సెకను సేపు అతను కుర్రాడు దొరికిపోతాడేమోనన్న భయం వదిలేసి, ఎవరెటు పోతున్నారన్న లెక్కలో పడతాడు. ఛేజ్ సీనుకు అంతకు మించిన నష్టం లేదు.

దీన్ని తప్పించడానికే 180 డిగ్రీల సూత్రం. బండ్లు పోతున్న దిశలో నేల మీద ఒక గీత ఉందనుకోండి. సినిమావాళ్లు దాన్ని లైన్ అంటారు. కెమెరాను ఆ లైన్‌కు ఒక పక్కన ఎంచుకున్నాక, ఆ పక్క అర్ధవలయంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దగ్గరగా, దూరంగా, కిందగా, ఏటవాలుగా ఎలా తీసినా బైక్ తెర మీద ఒకే దిక్కుకు పోతుంది. గీత దాటి అవతలికి వెళ్తే దిక్కు తారుమారవుతుంది. ఎడిటింగ్ గదిలో ‘లైన్ క్రాస్ అయింది’ అనే మాట వినిపించేది ఇలాంటప్పుడే. షూటింగ్ ముగిశాక దాన్ని సరిచేయడం కష్టం. కాగితం మీదైతే రబ్బరు చాలు.

ఒక సీను గీసి చూద్దాం. కాలువ గట్టు మీద రోడ్డు, పడమర నుంచి తూర్పుకు పోతుంది. రోడ్డుకు ఉత్తరాన కాలువ, దక్షిణాన పొలాలు. కొంత దూరంలో కాలువ మీద సన్నటి వంతెన ఉంది. బైక్ పడుతుంది, జీపు పట్టదు.

స్టోరీబోర్డు అనగానే చాలామంది బొమ్మల గళ్లు మొదలుపెడతారు. అంతకన్నా ముందు గీయాల్సింది పైనుంచి చూసినట్టుండే పటం. రోడ్డు, కాలువ, వంతెన, బండ్లు పోయే దారి, దాని మీదుగా లైన్. ఇప్పుడు కెమెరా ఏ పక్క ఉండాలో తేల్చుకోవాలి. మన సీనులో పొలాల వైపు పెడదాం. అక్కణ్నుంచి చూస్తే తూర్పుకు పోయే బైక్ ఎడమ నుంచి కుడికి పోతుంది, వెనక కాలువ కనిపిస్తుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. మన బండ్లకు స్టీరింగ్ కుడివైపు. ఎడమ నుంచి కుడికి పోయే జీపుకు కెమెరాకు కనిపించేది కుడి పక్కే, అంటే డ్రైవర్ ముఖం అడ్డు లేకుండా దగ్గరగా దొరుకుతుంది. దిక్కు ఎటైనా ఒకటేలే అనుకుని వదిలేస్తే, జీపు లోపలి క్లోజప్ తీసేరోజు డ్రైవర్‌కూ కెమెరాకూ మధ్య పక్క సీటులో మనిషి అడ్డొస్తాడు.

పటం తేలాక గళ్లు. మొదటి గడిలో వైడ్ షాట్: ముందు బైక్ కుడివైపు, వెనక జీపు ఎడమవైపు. ఎవరు ముందో, ఎవరు వెనకో ఈ షాట్ నాటుతుంది. రెండో గడిలో కుర్రాడి క్లోజప్. అతను వెనక్కి చూడాలి, అంటే చూపు తెరకు ఎడమవైపు. మూడో గడిలో డ్రైవర్, చూపు కుడివైపు. ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో లేకపోయినా చూపులు కలుస్తాయి. నాలుగో గడిలో బైక్ ఫ్రేమ్ కుడి అంచు నుంచి బయటికి పోతుంది. ఐదో గడిలో జీపు ఎడమ అంచు నుంచి లోపలికి వస్తుంది. ప్రతి గడిలో ఒక బాణం గుర్తు తప్పనిసరి. బండి కదలికకు బాణం ఫ్రేమ్ లోపల, కెమెరా కదలికకు ఫ్రేమ్ బయట వేసుకుంటే రెండూ కలిసిపోవు. ఆ గళ్లను వరసగా గోడకు అంటించి బాణాలు మాత్రమే చదువుకుంటూ పోండి. ఎక్కడ బాణం కారణం లేకుండా ఎదురు తిరిగిందో అక్కడే తప్పుంది.

దూరాన్ని కూడా బోర్డు మీదే రాసుకోవచ్చు. ఒకే కరెంటు స్తంభం దాటి బైక్ పోయిన ఐదు సెకన్లకు జీపు వచ్చిందని రాస్తే, తర్వాత ఇంకో స్తంభం దగ్గర రెండు సెకన్లు చాలు. జీపు దగ్గరపడిందని మాటల్లో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది. అవతలి గట్టు మీద కెమెరా పెడితే నీళ్లలో బైక్ నీడ పడుతుంది, చూడముచ్చటైన షాట్. ఏ కెమెరామన్‌కైనా ఆ కోరిక కలగడం సహజమే. కానీ అది లైన్‌కు అవతలి పక్క. మొదట చెప్పిన గందరగోళం అక్కడే పుడుతుంది.

ఆ షాట్‌ను వదులుకోనక్కర్లేదు. వంతెన ఉంది కదా. పొలాల వైపే కెమెరా పెట్టి వైడ్‌గా, కోయకుండా తీయాలి. బైక్ ఎడమ నుంచి కుడికి వచ్చి, వంతెన మీదికి మళ్లి కెమెరాకు వీపు చూపిస్తూ లోపలికి పోయి, అవతలి గట్టెక్కి పడమరకు తిరుగుతుంది. ఇప్పుడు అది కుడి నుంచి ఎడమకు పోతోంది. దిక్కు మారడం ప్రేక్షకుడు కళ్లారా చూశాడు కాబట్టి తికమక లేదు. జీపు వంతెన దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు ఇవతలి గట్టు మీదే కెమెరా పెట్టి కాలువ మీదుగా అవతలి గట్టును తీస్తే, కోరుకున్న నీడ అదే నీళ్లలో దొరుకుతుంది.

దిక్కు మార్చడానికి వేరే దారులూ ఉన్నాయి. సూటిగా ఎదురొచ్చే బైక్ గానీ, నేరుగా వెళ్లిపోయే బైక్ గానీ తీస్తే దానికి ఎడమా కుడీ ఉండదు. అలాంటి షాట్ ఒకటి మధ్యలో పెట్టి ఆపైన అవతలి పక్కకు వెళ్లొచ్చు. లేదా కెమెరాయే కదులుతూ లైన్ దాటొచ్చు. వీటిలో నాకు బాగా నచ్చేది బండి మన కళ్ల ముందు మలుపు తిరగడమే. అది కథలోని కారణంతో దిక్కు మారుస్తుంది. మిగతావి పనితనంతో మారుస్తాయి.

సూత్రాన్ని మీరినవాళ్లూ ఉన్నారు. జాన్ ఫోర్డ్ 1939లో తీసిన ‘స్టేజ్‌కోచ్’లో ఎడారిలో గుర్రపు బండిని వెంటాడే ఘట్టం ఉంది. అందులో కొన్ని చోట్ల కెమెరా లైన్ దాటుతుంది. అయినా కథ అర్థమవుతుంది. బండి ఒక్కటే, తరిమేవాళ్లు గుర్రాల మీదున్న గుంపు. ఎవరు పారిపోతున్నారో పొరబడే వీలు లేదు. రెండు పక్కలా ఒకే రకం బండ్లుంటే ఆ వెసులుబాటు ఉండదు. జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) దాదాపు మొత్తం వెంటాటే. ఆ సినిమాకు మూడున్నర వేల బొమ్మలు గీయించారు. మార్గరెట్ సిక్సెల్‌కు ఆ సినిమా ఎడిటింగ్‌కు ఆస్కార్ వచ్చింది.

షార్ట్ ఫిల్మ్ తీస్తున్న కుర్రకారుకు ఒక మాట. బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు. పుల్లల మనుషులు, పెట్టెల్లాంటి బండ్లు చాలు. కానీ లొకేషన్‌కు వెళ్లే ముందు పైనుంచి పటం గీసి, లైన్ వేసి, కెమెరా నిలబడే చోట్లకు అంకెలు ఇవ్వండి. షూటింగ్ రోజున ఆ కాగితం కెమెరామన్ చేతిలో ఒకటి, అసోసియేట్ చేతిలో ఒకటి ఉండాలి.